లింకన్‌తో మొదలై ఏడో పేజీలో తేలిన అభిప్రాయం: ఒక గ్రూప్-1 వ్యాసానికి చేసిన మరమ్మతు

ముందు ఈ ఇంట్రో చదవండి. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక గవర్నమెంట్ టీచర్ ప్రాక్టీస్ కోసం రాసిన వ్యాసం ఇది. తెలుగు మీడియం, నల్లగొండ వైపు మనిషి. పేరు పెట్టను గానీ పేపర్ వాడుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. టాపిక్ ‘ఒకే దేశం – ఒకే ఎన్నిక: సాధ్యాసాధ్యాలు’.

“ప్రపంచంలోనే అతి పెద్ద ప్రజాస్వామ్య దేశం మన భారతదేశం. ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు నడిచే ప్రభుత్వమే ప్రజాస్వామ్యమని అబ్రహాం లింకన్ అన్నారు. ప్రజాస్వామ్యానికి ఎన్నికలు ప్రాణవాయువు వంటివి. అనాది కాలం నుండి మన దేశంలో గ్రామ సభలు, గణ రాజ్యాలు ఉన్నట్లు చరిత్ర చెబుతోంది. స్వాతంత్ర్యానంతరం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నేతృత్వంలో రూపొందిన రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు హక్కు కల్పించింది. నేటి ఆధునిక యుగంలో ఎన్నికల నిర్వహణ ఎన్నో సవాళ్లను ఎదుర్కొంటోంది. ఈ నేపథ్యంలో ఇటీవలి కాలంలో ‘ఒకే దేశం – ఒకే ఎన్నిక’ అనే అంశం దేశవ్యాప్తంగా తీవ్ర చర్చనీయాంశంగా మారింది. దీనిపై కొందరు అనుకూలంగా, మరికొందరు ప్రతికూలంగా అభిప్రాయాలు వ్యక్తం చేస్తున్నారు. ప్రతి నాణేనికి రెండు వైపులు ఉన్నట్లే ఈ అంశానికి కూడా లాభనష్టాలు రెండూ ఉన్నాయి. కావున ఈ అంశాన్ని కూలంకషంగా పరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.”

పది వాక్యాలు. చేతిరాతలో దాదాపు ఒక పేజీ. తప్పుల్లేవు, భాష శుభ్రంగా ఉంది, దస్తూరీ కూడా ముచ్చటగా ఉంది. కానీ పేజీ చివరికి వచ్చేసరికి ఈయన ఏమనుకుంటున్నారో నాకు తెలియలేదు. అది పక్కన పెడదాం, అసలు ఏ ప్రశ్నకి జవాబు చెప్పబోతున్నారో కూడా తెలియలేదు.

నేను టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దుతాను, ఎక్కువగా ఎస్సే పేపరే. ఆ పేపర్‌లో మూడు సెక్షన్లు ఉంటాయి, ఒక్కో సెక్షన్ నుంచి ఒక్కో వ్యాసం, ఒక్కోటి 50 మార్కులకి, సుమారు వెయ్యి మాటలు, మొత్తం మూడు గంటలు. అంటే వ్యాసానికి గంట. ఆ గంటలో ఆలోచించే టైమ్ తీసేస్తే రాయడానికి మిగిలేది ముప్పావుగంట, యాభై నిమిషాలు. అందులో ఒక పేజీ లింకన్‌కీ గణరాజ్యాలకీ పోయిందంటే, చివర్లో మీ సొంత పాయింట్ రాసేటప్పుడు చెయ్యి పరిగెత్తాల్సిందే. ఈ పేపర్‌లో జరిగింది అదే. చివరి పేజీ దస్తూరీ మొదటి పేజీ దస్తూరీ ఒకే మనిషిదంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇలాంటి ఇంట్రో ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలిసిందే. బళ్లో వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని నేర్పారు, ఉపోద్ఘాతం అంటే అసలు విషయం రాకముందు చెప్పేదని మనకి అర్థమైపోయింది. ఆ తర్వాత కోచింగ్‌లో దానికి కొటేషన్ తోడైంది. మన దగ్గర ఆవు వ్యాసం అని ఎగతాళి చేస్తాం కదా, ఆవు గురించి బట్టీ పట్టినవాణ్ణి కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆవుని తెచ్చి చెట్టుకి కట్టేసి మళ్లీ ఆవు గురించే రాసేస్తాడని. పోటీ పరీక్షల్లో ఆవు స్థానంలో ‘అతి పెద్ద ప్రజాస్వామ్యం’ వచ్చింది, అంతే తేడా.

ఈ పేపర్‌తో నేను మొదట చేసిన పని టాపిక్ పేరు మార్చి చదవడం. ఏడో వాక్యంలో ‘ఒకే దేశం – ఒకే ఎన్నిక’ కొట్టేసి ‘నోటా’ అని రాశాను. ఇంకెక్కడా ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం రాలేదు. ‘ఎలక్టోరల్ బాండ్లు’ అని పెట్టినా సరిపోయింది, ‘పార్టీ ఫిరాయింపులు’ అని పెట్టినా సరిపోయింది. ఆ కాగితమే ఆయనకి చూపించి, మూడు రకాలుగానూ చదవమన్నాను. చదివి నవ్వారు, తర్వాత కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. “మేడం, కానీ ఇది చదవడానికి బావుంది కదా” అన్నారు. బావుంది, కాదనను. వంద పేపర్ల కట్టలో అలా బావున్నవే యాభై ఉంటే దిద్దేవాళ్లకి ఏది ఎవరిదో గుర్తుంటుందా అన్నాను.

ఇక్కడ చాలామంది వెంటనే చేసే పని, ఇంట్రోని కత్తిరించడం. పది వాక్యాలు నాలుగు చేస్తారు, లింకన్ని తీసేస్తారు, గణరాజ్యాలు తీసేస్తారు. మిగిలేది ‘ఈ అంశం చర్చనీయాంశంగా మారింది, లాభనష్టాలు రెండూ ఉన్నాయి’. అది చిన్న ఉత్త ఇంట్రో అవుతుంది తప్ప మంచి ఇంట్రో కాదు. ఊక దంపినట్టు రాసిన ఇంట్రోలో రోగం పొడవు కాదు, రాసేటప్పటికి మనిషి ఏమీ తేల్చుకోలేదు అన్నది. ఏమనుకుంటున్నామో తెలియనప్పుడు చెయ్యి ఖాళీగా ఉండదు, ఏదో ఒకటి రాస్తూ ఉంటుంది, ఆ ‘ఏదో ఒకటే’ ఈ పది వాక్యాలు. అందుకని ఇంట్రో జోలికి పోకుండా ముందు వ్యాసం మొత్తం చదివి, ఈయన నిజంగా ఏమనుకుంటున్నారో ఎక్కడైనా బయటపడిందా అని వెతికాను.

బయటపడింది, ఏడో పేజీలో. నష్టాల జాబితాలో నాలుగో పాయింట్‌గా, బాల్ పెన్ను ఒత్తిడి తగ్గిపోయిన చోట ఈ వాక్యం ఉంది: “మధ్యలో ప్రభుత్వం పడిపోతే మిగిలిన కాలానికి మాత్రమే ఎన్నిక జరుగుతుంది, అటువంటప్పుడు ఎన్నికలు తగ్గుతాయా అనేది కూడా ఆలోచించాలి.” దాని తర్వాత మళ్లీ ఓటర్ల మీద జాతీయ అంశాల ప్రభావం, ప్రాంతీయ పార్టీలు అంటూ మామూలు పాయింట్లే. ముగింపులోనేమో “తగిన జాగ్రత్తలతో అమలు చేస్తే దేశానికి మేలు జరుగుతుంది” అని రాసేశారు, ఏడో పేజీలో తను వేసిన ప్రశ్న తనకే గుర్తులేనట్టు.

నా అనుభవంలో దాదాపు ప్రతి పేపర్‌లోనూ ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది. సగం దాటాక వస్తుంది. రాస్తూ రాస్తూ వేడెక్కిన బుర్ర అప్పుడే నిజంగా పని చేయడం మొదలుపెడుతుంది కాబట్టి అక్కడ వస్తుంది. గుర్తుపట్టడం తేలికే: అది ‘ఆలోచించాలి’, ‘గమనార్హం’, ‘సందేహమే’ లాంటి మాటతో ముగుస్తుంది, పుస్తకంలోంచి వచ్చినట్టు ఉండదు, దాని చుట్టూ ఉన్న వాక్యాలకంటే కాస్త వంకరగా ఉంటుంది. దాని కింద గీత గీసి, “ఇది మీ సొంతమా, ఎక్కడైనా చదివారా?” అని అడిగాను. బిల్లు గురించి పేపర్లో చదువుతుంటే డౌట్ వచ్చిందట, కానీ ఏ మెటీరియల్‌లోనూ పెద్దగా కనిపించకపోయేసరికి ఓ మూలన పెట్టారట.

ఆ డౌట్ ఎందుకు గట్టిదో చెప్పడానికి కాస్త విషయంలోకి వెళ్లాలి, లేకపోతే తర్వాత ఇంట్రో ఎలా మారిందో అర్థం కాదు. 1951-52 నుంచి 1967 దాకా లోక్‌సభకీ చాలా రాష్ట్రాల అసెంబ్లీలకీ ఎన్నికలు కలిసే జరిగాయి. 1968, 69లలో కొన్ని అసెంబ్లీలు గడువు ముందే రద్దయ్యాయి, 1970 చివర్లో లోక్‌సభ కూడా రద్దయి 1971లో ఎన్నికలొచ్చాయి, అక్కడితో లెక్క చెదిరిపోయింది. మళ్లీ కలపడం మీద రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చిలో రిపోర్ట్ ఇచ్చింది, 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు, అది జాయింట్ పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. కలపడం ఒక్కటే అయితే సులువు, కలిపినవి మళ్లీ చెదిరిపోకుండా ఉంచడమే కష్టం. దానికి బిల్లు పెట్టిన కట్టడి ఏంటంటే, సభ మధ్యలో రద్దయితే ఎన్నిక పెడతారు గానీ కొత్త సభకి ఐదేళ్లు ఉండవు, పాత సభకి ఎంత కాలం మిగిలిందో అంతే ఉంటుంది. అంటే రెండేళ్లకి పడిపోతే తర్వాత వచ్చేది మూడేళ్ల ప్రభుత్వం, ఆ మూడేళ్లయ్యాక మళ్లీ అందరితో పాటు ఎన్నిక. ఇప్పటి పద్ధతిలో అయితే పడిపోయిన చోట పెట్టిన ఎన్నికతో ఐదేళ్లు నడుస్తుంది.

ఇదంతా మాట్లాడుకున్నాక రఫ్ పేపర్ మీద రెండే లైన్లు రాయమన్నాను. మొదటి లైన్ ‘ప్రశ్న:’ అని, రెండో లైన్ ‘నా మాట:’ అని. ప్రశ్న దగ్గర ఆయన రాసింది “ఒకే దేశం ఒకే ఎన్నిక మంచిదా కాదా?” అది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ప్రశ్న కాదు, టాపిక్‌కే చివర ప్రశ్నార్థకం తగిలించినట్టు. దీనికి జవాబు ఎప్పుడూ ‘కొంత మంచి, కొంత చెడు’ అనే వస్తుంది, వచ్చాక మళ్లీ నాణేనికి రెండు వైపులే గతి. నేను వాడే గుర్తు ఒకటుంది: ఇద్దరు చదువుకున్నవాళ్లు, ఇద్దరికీ విషయం బాగా తెలుసు, అయినా ఈ ప్రశ్న మీద పోట్లాడుకోగలరా? పోట్లాడుకుంటే ఏ మాట దగ్గర మొదలవుతుంది? ‘మంచిదా’ అన్న దగ్గర మొదలవదు. ఎన్నికలు కలిస్తే ఖర్చు తగ్గుతుందని ఇద్దరూ ఒప్పుకోవచ్చు. మూడేళ్ల ప్రభుత్వం దగ్గర మాత్రం ఖాయంగా మొదలవుతుంది. కాసేపు కొట్టివేతలయ్యాక కాగితం మీద మిగిలింది ఇది: ‘ప్రశ్న: తేదీలు కలవడానికి ఓటరు ఇచ్చే ఐదేళ్లు తగ్గించొచ్చా? నా మాట: వద్దు. ఎన్నికలు తగ్గవు, పెరగొచ్చు.’

ఇక ఇంటికెళ్లి ఇంట్రో తిరగరాసి పంపమన్నాను. మొదటి ప్రయత్నం ఇలా వచ్చింది:

“లోక్‌సభకు, అసెంబ్లీలకు ఏకకాలంలో ఎన్నికలు నిర్వహించడం సమాఖ్య వ్యవస్థకు గొడ్డలి పెట్టు. ఈ వ్యాసంలో ముందుగా చారిత్రక నేపథ్యం, ఆ తర్వాత అనుకూల వాదనలు, ప్రతికూల వాదనలు, చివరగా సూచనలు చర్చించడం జరుగుతుంది.”

సూటిగా రాయమంటే చాలామంది చేసే రెండు పనులూ ఇందులో పక్కపక్కనే ఉన్నాయి. మొదటి వాక్యం సూటిగా లేదు, గట్టిగా ఉంది. ‘గొడ్డలి పెట్టు’ అన్నాక లోపల ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించాలి, కానీ ఈయన పేపర్‌లో సమాఖ్య గురించి ఉన్నది ఒకటిన్నర వాక్యం. పైగా రఫ్ పేపర్ మీద తేల్చుకున్న మాట అది కానే కాదు, ఆయన అభ్యంతరం ఎన్నికలు కలపడం మీద కాదు, కుదించిన గడువు మీద. అభిప్రాయం చెప్పమంటే గొంతు పెంచడం అనుకోవడం టీవీ డిబేట్ల పుణ్యం కావచ్చు. రెండో వాక్యం వ్యాసానికి విషయసూచిక. పుస్తకానికి అవసరం, తొమ్మిది పేజీల వ్యాసానికి అక్కర్లేదు, ఎలాగూ చదవబోయేదే కదా. ‘చర్చించడం జరుగుతుంది’ అనే మాట వచ్చిందంటే రాసే మనిషి తప్పుకున్నాడని లెక్క. ఎవరు చర్చిస్తారు, ఏం తేలుస్తారు అన్నది అందులో ఉండదు.

అయితే ఆయనకి ఒక నిజమైన భయం ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. “మేడం, మొదటి పేజీలోనే వద్దు అనేస్తే, దిద్దేవాళ్లకి అది ఇష్టమైతే నా గతేంటి? చివర్లో చెబితే అప్పటికి పాయింట్లన్నీ చదివి ఉంటారు కదా.” ఎస్సే రాసే ప్రతి ఒక్కరికీ ఉన్న టెన్షనే ఇది. నేను చెప్పింది ఏంటంటే, పార్టీకి ఓటు వేసినట్టు కనిపించే అభిప్రాయం వేరు, ఒక నిబంధన మీద కారణంతో సహా చెప్పే అభిప్రాయం వేరు. ‘ఈ ప్రభుత్వం ప్రజాస్వామ్యాన్ని ఖూనీ చేస్తోంది’ అంటే అవతలి మనిషి ఎటు వైపున్నాడన్నది ముఖ్యమైపోతుంది. ‘మిగిలిన కాలానికే సభ అన్న నిబంధన వల్ల ఎన్నికలు తగ్గవు’ అంటే, బిల్లుని సమర్థించేవాళ్లు కూడా ‘అవునా, ఎలా?’ అని తర్వాతి పేరా చదువుతారు. అవతలివాళ్ల వాదనలో నిజమున్న ముక్కని ఇంట్రోలోనే ఒప్పుకుంటే ఇంకా మంచిది, ఈ మనిషి మొత్తం చూసే మాట్లాడుతున్నాడని తెలుస్తుంది. అభిప్రాయం చివరి దాకా దాచుకుంటే ఇంకో ఇబ్బంది కూడా ఉంది: చదివేవాళ్లకి ఏ పాయింట్ దేనికి చెబుతున్నారో తెలియదు, నష్టాల్లో నాలుగోది మిగతా వాటికంటే ముఖ్యమని ఎవరికీ తట్టదు.

రెండో ప్రయత్నం బాగా వచ్చింది, ఎందుకంటే ఈసారి ఆయన తనకి తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టారు. టీచర్ కాబట్టి ఎన్నికల డ్యూటీ అంటే ఏంటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో సామాను లెక్క చూసుకుని సంతకాలు పెట్టడం, రాత్రికి బూత్‌లో బెంచీల మీద పడుకోవడం, పొద్దున్నే మాక్ పోల్, అర్ధరాత్రి దాకా రిసెప్షన్ సెంటర్‌లో లైన్‌లో నిలబడడం. ఆయన ఇలా రాశారు:

“2018 డిసెంబర్ నుంచి 2019 మే వరకు ఆరు నెలల్లో తెలంగాణ పల్లె ఓటరు నాలుగు ఎన్నికలు చూశాడు: అసెంబ్లీ, గ్రామ పంచాయతీ, లోక్‌సభ, మండల–జిల్లా పరిషత్. ఈ బెడద పోవాలనే 129వ రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చింది. కానీ…”

డిసెంబర్ 7న అసెంబ్లీ, జనవరిలో పంచాయతీలు, ఏప్రిల్ 11న లోక్‌సభ, మేలో ఎంపీటీసీ, జెడ్పీటీసీ. లెక్క సరైనదే, చదివితే కళ్లకి కడుతుంది కూడా. ఒకే ఒక్క చిక్కు: ఆ బిల్లు కలిపేది లోక్‌సభనీ అసెంబ్లీలనీ మాత్రమే. స్థానిక సంస్థల ఎన్నికలు వంద రోజుల్లోపు జరపాలన్నది కోవింద్ కమిటీ సిఫార్సు, ఈ బిల్లులో అది లేదు. అంటే ఆయన చూపించిన నాలుగింటిలో ఈ బిల్లు ఒకదాన్ని మాత్రమే తగ్గిస్తుంది, నాలుగు మూడవుతాయి. ‘ఈ బెడద పోవాలనే’ అనడం కుదరదు.

దీని గురించి కాసేపు ఆగాలి. పాత ఇంట్రోలో ఇలాంటి తప్పు దొర్లే అవకాశమే లేదు, ఎందుకంటే అందులో తప్పో ఒప్పో తేల్చగల వాక్యం లేదు. ‘ఎన్నికలు ప్రాణవాయువు వంటివి’ అన్నదాన్ని ఎవరు ఖండిస్తారు? సూటిగా రాసిన ఇంట్రోకి ఉన్న ఖర్చు ఇదే, మొదటి పేజీలోనే దొరికిపోవచ్చు. చాలామంది ఉత్త ఇంట్రోని వదలలేకపోవడానికి లోపలి కారణం కూడా ఇదేనేమో అనిపిస్తుంది. కాబట్టి ఇలా రాసేవాళ్లు ఇంట్రోలో వాడే ప్రతి వాస్తవాన్నీ ‘ఇది నా ప్రశ్నకి సరిగ్గా సరిపోతుందా, పక్కనుంచి పోతోందా’ అని ఒకసారి అడగాలి. పరీక్ష హాల్లో ఖాయంగా తెలియని తేదీ ఉంటే వదిలేయండి, సంవత్సరం చాలు. సంవత్సరమూ డౌట్ అయితే ఉదాహరణ మార్చండి.

నాలుగు ఎన్నికల ఉదాహరణని వదులుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు, అంత బాగా కుదిరింది మరి. దాన్ని లోపలికి తీసుకెళ్లమన్నాను, అనుకూల వాదన చెప్పే పేరాలోకి. అక్కడ ‘నిజమే, భారం ఇంత ఉంది, కానీ ఈ బిల్లు దాన్లో ఇంతే తగ్గిస్తుంది’ అని రాస్తే ఆ చిక్కే ఒక పాయింట్ అయి కూర్చుంటుంది. ఇంట్రోకి రెండు ఎన్నికలే ఉంచాం. చివరికి నిలబడింది ఇది:

“2018 డిసెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీకి ఎన్నికలు జరిగాయి. నాలుగు నెలలు తిరిగేసరికి అదే ఓటరు లోక్‌సభ కోసం మళ్లీ బూత్ ముందు నిలబడ్డాడు. ఈ రెండింటినీ కలిపి జరపాలని 129వ రాజ్యాంగ సవరణ బిల్లు ప్రతిపాదిస్తోంది. అయితే సభ మధ్యలో రద్దయితే కొత్తగా వచ్చే సభ మిగిలిన కాలం వరకే ఉంటుందని కూడా అదే బిల్లు చెబుతోంది. కాబట్టి తేల్చాల్సిన ప్రశ్న ఇది: ఎన్నికల తేదీలు కలవడం కోసం ఓటరు ఇచ్చే తీర్పు గడువును తగ్గించవచ్చా? తగ్గించకూడదని నా అభిప్రాయం. రెండు ఎన్నికలూ కలిసి జరిగితే ఖర్చు, ఉద్యోగుల పని భారం తగ్గుతాయన్నది నిజమే. కానీ ప్రభుత్వం మధ్యలో పడిపోయిన రాష్ట్రంలో ఈ నిబంధన ఎన్నికలను తగ్గించదు, ఒకటి పెంచుతుంది.”

ఎనిమిది వాక్యాలు, పాతదానికంటే మరీ చిన్నదేం కాదు. ఇందులో టాపిక్ పేరు తీసి ‘నోటా’ పెట్టడానికి చోటు లేదు. ‘నా అభిప్రాయం’ అన్న మాట గురించి కూడా అడిగారు, ‘నేను’, ‘నా’ అని రాయకూడదని కోచింగ్‌లో చెప్పారట. నాకైతే ఒక్కసారి వస్తే అభ్యంతరం లేదు, పేరాకొకసారి వస్తేనే చిరాకు. ఇష్టం లేకపోతే ‘తగ్గించకూడదు’ అని ఊరుకున్నా చాలు, అది ఎవరి అభిప్రాయమో అందరికీ తెలుసు. ‘అని పలువురు అభిప్రాయపడుతున్నారు’ అని మాత్రం రాయొద్దు.

తర్వాత జరిగింది నేను ఆశించిందే గానీ ఆయన ఆశించలేదు. ఇంట్రో మారేసరికి మిగతా వ్యాసం దానికి అతకలేదు. చరిత్ర పేరా ఒకటిన్నర పేజీ ఉంది, మొదటి ఎన్నికల కమిషనర్ నుంచి మొదలుపెట్టి. ఇప్పుడు దానికి ఒకే పని: కలిసి జరిగినవి ఎందుకు విడిపోయాయి? సభలు మధ్యలో రద్దవడం వల్ల. ఈ ఒక్క మాట కోసం అరపేజీ చాలు, పైగా అది నేరుగా ఆయన ప్రశ్నలోకి దారి తీస్తుంది. లాభాల జాబితా ఒకే పేరా అయింది, అందులో నాలుగు ఎన్నికల ఆరు నెలలు, డ్యూటీలకి పోయిన బడి రోజులు, ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా ఆగిపోయే పనులు. ఏడో పేజీ వాక్యం ఇప్పుడు వ్యాసం నడుమకొచ్చి రెండు పేజీలు ఆక్రమించింది. దానికి ఉదాహరణ కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 1983 జనవరిలో గెలిచిన ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని 1984 ఆగస్టులో బర్తరఫ్ చేశారు, నెల తిరగ్గానే ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, ఆ తర్వాత సభ రద్దయి 1985 మార్చిలో మధ్యంతర ఎన్నికలొచ్చాయి. ఇప్పుడు బిల్లులో ఉన్న సూత్రమే అప్పుడు ఉండి ఉంటే, 1985లో జనం ఇచ్చిన తీర్పుకి మూడేళ్లు కూడా ఆయుష్షు ఉండేది కాదు, 1988 మొదట్లో మళ్లీ బూత్‌కి రావాల్సి వచ్చేది. నిజానికి ఆ సభ 1989 దాకా నడిచింది. ఈ ఒక్క లెక్క నష్టాల జాబితాలోని మిగతా ఆరు పాయింట్ల పని చేసింది, వాటిలో నాలుగు ఎగిరిపోయాయి.

ఇక్కడ ఒక మాట అడ్డుపడాలి, అడ్డుపడేలా రాయమన్నాను కూడా: మిగిలిన కాలానికే ఎన్నిక అని తెలిస్తే పార్టీలు ప్రభుత్వాలని పడగొట్టడానికి వెనకాడతాయి కదా, గెలిచినా రెండేళ్లేగా? బిల్లుని సమర్థించేవాళ్ల వాదనలో ఇది బలమైనది. దీనికి జవాబు చెప్పకపోతే మొదటి పేజీలో చెప్పిన అభిప్రాయం ఆఖరి దాకా నిలవదు. ఆయన ఇచ్చిన జవాబు: ప్రభుత్వాన్ని పడగొట్టేవాళ్లు చాలాసార్లు ఎన్నికలకి వెళ్లాలని పడగొట్టరు, అదే సభలో తామే కూర్చోవాలని పడగొడతారు, వాళ్లకి ఈ నిబంధన అడ్డు కాదు. 1984 ఆగస్టులో జరిగిందీ అదే. ఇది తిరుగులేని జవాబని నేననను, కానీ వాదన వాదనని తాకింది, జాబితాలో అది జరగదు.

ముగింపు దగ్గర ఆయన చాలాసేపు ఆగిపోయారు. అభిప్రాయం మొదట్లోనే చెప్పేశాక చివర్లో ఏం రాయాలి? ఇంట్రోనే వేరే మాటల్లో రాస్తే పేజీ దండగ. ముగింపుకి మిగిలిన పని, ‘ఇది వద్దంటే మరేది’ అన్నదానికి జవాబు. 2015లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఒక రిపోర్ట్‌లో దారి ఒకటి చూపింది, అసెంబ్లీలన్నిటినీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా జరపడం, కొన్ని లోక్‌సభతో పాటు, మిగతావి లోక్‌సభ కాలం సగమయ్యాక. పడిపోయిన రాష్ట్రం తర్వాతి విడతలో కలిసే వీలుంటుంది, కుదించినా ఎక్కువ కుదించక్కర్లేదు. ఆయన దాన్ని పట్టుకుని ముగించారు. పాత ముగింపులోని ‘తగిన జాగ్రత్తలు’ అంటే ఏంటో ఇప్పుడు పేరు పెట్టి చెప్పగలిగారు.

హాల్లో ఇదంతా కుదురుతుందా అని అడుగుతారు. ఇంట్లో చేసినట్టు వ్యాసం రాసి, ఏడో పేజీ చూసి, వెనక్కొచ్చి ఇంట్రో మార్చడం ఆన్సర్ బుక్‌లెట్‌లో కుదరదు. అందుకే ఆ రెండు లైన్ల రఫ్ పని. మొదటి ఏడెనిమిది నిమిషాలు పాయింట్లు కాకుండా ‘ప్రశ్న’, ‘నా మాట’ అన్న రెండు లైన్ల కోసం వాడాలి, అవి తేలాక పాయింట్లు వాటంతటవే వరసలో పడతాయి. తేలకపోతే? ఆ సెక్షన్‌లో ఇంకో టాపిక్ ఎంచుకోవడం మంచిది. ఇంటి దగ్గర ప్రాక్టీస్‌లో మాత్రం ఇంట్రో ఆఖర్న రాయండి. మొదటి పేజీ ఖాళీగా వదిలి రెండో పేజీ నుంచి మొదలుపెట్టండి, అప్పుడు ఏడో పేజీ వాక్యం ఎక్కడ పుడుతుందో మీకే కనిపిస్తుంది.

అన్ని టాపిక్‌లకీ ఈ పద్ధతి ఇలాగే పనికిరాదు. ‘ఒకే దేశం – ఒకే ఎన్నిక’ లాంటి వాటిలో అవునో కాదో ఒక నిర్ణయం ఉంది. అదే సెక్షన్‌లో సంస్కృతి, వారసత్వం మీద కూడా అడుగుతారు. భక్తి ఉద్యమం మీద వ్యాసం అడిగితే ‘భక్తి ఉద్యమాన్ని నేను సమర్థిస్తున్నాను’ అని మొదలుపెడితే నవ్వులపాలే. అక్కడ అభిప్రాయం అంటే తీర్పు కాదు, ఉన్న కొండంత విషయంలో దేన్ని ముఖ్యమంటున్నారో చెప్పడం. ‘భక్తి కవులు దేవుణ్ణి జనం భాషలోకి తెచ్చారు, కులం గోడల్ని పాటలో దాటారు గానీ ఊళ్లో కూల్చలేకపోయారు, ఎందుకు?’ అన్నారనుకోండి, అదీ ప్రశ్నే, అందులో మీ మాటా ఉంది. కొటేషన్‌నే టాపిక్‌గా ఇచ్చే పేపర్లలో, ముఖ్యంగా యూపీఎస్సీలో, ముందు ఆ కొటేషన్‌ని మీరు ఎలా అర్థం చేసుకున్నారో ఒకట్రెండు వాక్యాల్లో చెప్పాకే అభిప్రాయం పెట్టడం మేలు, లేకపోతే మీరు దేనికి అవునంటున్నారో తెలియదు.

ఈ టీచర్ గారు తర్వాత పంపిన పేపర్ ప్రాంతీయ పార్టీల మీద. మొదటి వాక్యంలో లింకన్ లేడు, కానీ ప్రశ్న మాత్రం రెండో పేజీకి జారింది, దాని ముందు ఒక పేరా నిండా పార్టీలు పుట్టిన, అధికారంలోకి వచ్చిన సంవత్సరాలు. ఆ పేరా మొత్తానికి పక్కన గీత గీసి, ‘ఇందులో మీ ప్రశ్నకి కావాల్సిన సంవత్సరం ఏది?’ అని రాసి పంపాను. 1983 ఒక్కటే ఉంచుతానని జవాబొచ్చింది.